పచ్చ చుక్క పసుపైతే మేనేజర్‌కి ఏం కనిపిస్తుంది?

ఓ మంగళవారం మధ్యాహ్నం 2:20కి మా మేనేజర్ ఆఫీసు చాట్, కాల్స్‌కి వాడే మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో కాల్ చేశారు, నేను ఎత్తలేదు. 2:32కి ఒక మెసేజ్ వచ్చింది. అందులో పేరు లేదు, మాట లేదు, ఒక్క ప్రశ్నార్థకం గుర్తు ఉందంతే.

ఆ టైమ్‌కి నేను కాకినాడలో మా ఇంట్లోనే, మేడమీది గదిలో, పని చేస్తూనే ఉన్నాను. కానీ నా ముందు రెండు లాప్‌టాప్‌లు ఉంటాయి. ఒకటి మా కంపెనీది, టీమ్స్ దాంట్లో ఉంటుంది. రెండోది లండన్ క్లయింట్ ఇచ్చింది, అసలు పనంతా దాంట్లోనే. రాత్రిపూట దానంతటదే నడిచే ఒక బ్యాచ్ జాబ్ ముందురోజు ఫెయిలైతే, దాని లాగ్‌ని ఆ రెండో లాప్‌టాప్‌లో లైను లైనుగా చదువుతున్నాను, హెడ్‌సెట్ కూడా దానికే పెట్టి ఉంది. కంపెనీ లాప్‌టాప్‌ని ముట్టుకుని అరగంట దాటింది. కాబట్టి హైదరాబాద్‌లో మా మేనేజర్ స్క్రీన్ మీద నా పేరు పక్కన చుక్క పసుపు రంగులో ఉంది, పక్కన Away అని.

2:50కి చూసుకున్నాను. గుండె గుభేలుమంది. వెంటనే పదకొండు లైన్ల మెసేజ్ కొట్టాను, నేను సీట్లోనే ఉన్నానని, రెండు లాప్‌టాప్‌లు ఉంటాయని, నిన్న రాత్రి కూడా ఒంటిగంట దాకా మేలుకున్నానని. ఆయన జవాబు ఒక్క లైను: "సరే. ఇవాళ్టి నుంచి గంటకోసారి స్టేటస్ పెట్టు."

ఇంటి నుంచి పనిచేసే చాలామందికి ఇలాంటి రోజు ఒకటి ఉండే ఉంటుంది. ఆ తర్వాత మంచినీళ్లకి లేచినా ఎవరో చూస్తున్నట్టే అనిపిస్తుంది. మా ఇద్దరి మధ్య ఆ మధ్యాహ్నం విరిగిందేమిటో, ఎలా అతుక్కుందో చెప్పాలంటే ముందు ఆ చుక్క సంగతి తేల్చాలి.

టీమ్స్‌లో పచ్చ చుక్కకి తెలిసింది చాలా తక్కువ. ఆ కంప్యూటర్‌లో కీబోర్డు, మౌస్ కదలకుండా కొద్దిసేపైతే, మామూలుగా అయిదు నిమిషాలు, అది పసుపులోకి మారిపోతుంది. స్క్రీన్ లాక్ చేస్తే వెంటనే మారుతుంది. మీరు పక్క మెషీన్‌లో ఉన్నారా, నోట్‌బుక్‌లో డిజైన్ గీస్తున్నారా, నిజంగానే కునుకు తీస్తున్నారా అన్నది దానికి తెలియదు. ఈ మూడింటికీ ఒకటే రంగు. క్లయింట్ మెషీన్‌లోనో, రిమోట్ డెస్క్‌టాప్‌లోనో పనిచేసేవాళ్లకి రోజులో సగం పసుపు రావడం మామూలు విషయం. ఇది మనకి తెలుసు, కానీ ఎప్పుడూ అలాంటి సెటప్‌లో పనిచేయని మేనేజర్‌కి తెలియాలని ఏమీ లేదు.

కొన్ని కంపెనీలు దీనికంటే ముందుకెళ్లి, ప్రత్యేకంగా ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ పెడతాయి. అది స్క్రీన్‌షాట్లు తీయడంతో పాటు "యాక్టివిటీ శాతం" అని ఒకటి చూపిస్తుంది. పేరు వింటే ఏదో పెద్ద లెక్క అనిపిస్తుంది గానీ చాలావాటిలో లెక్క ఇంతే: పది నిమిషాలంటే 600 సెకన్లు, వాటిలో ఎన్ని సెకన్లలో కీ నొక్కారు లేదా మౌస్ కదిపారు అన్నది. 240 సెకన్లలో కదలిక ఉంటే 40 శాతం. నేను ఆ మధ్యాహ్నం చేసిన పనిని ఇలా కొలిస్తే, నిమిషానికి మూడుసార్లు స్క్రోల్ చేశాననుకుందాం, పది నిమిషాల్లో 30 సెకన్లు, అంటే 5 శాతం. అదే టైమ్‌లో పక్కన ఒకరు గ్రూప్‌లో పుట్టినరోజు శుభాకాంక్షలు టైప్ చేస్తూ కూర్చుంటే వాళ్లది నాకు ఎన్నో రెట్లు ఉంటుంది. కష్టమైన పని ఎక్కువగా చదవడం, ఆలోచించడం. ఈ కొలతకి కనపడనిది సరిగ్గా అదే.

ఇంతకీ ఎవరికి ఏం కనిపిస్తుంది? ఇక్కడ మన భయం ఒక్కోసారి నిజానికంటే పెద్దదిగా ఉంటుంది. మామూలు టీమ్స్‌లో మీ మేనేజర్‌కి కనిపించేది మీ తోటి ఉద్యోగికి కనిపించేదే: ఇప్పుడు చుక్క రంగేమిటి, చివరిసారి ఎప్పుడు కనపడ్డారు. అడ్మిన్‌లకి ఎన్ని మెసేజ్‌లు, ఎన్ని మీటింగ్‌లు, ఎన్ని కాల్స్ అన్న లెక్కలుంటాయి. ఆఫీసు టూల్స్‌ని ఎంత వాడుతున్నారో చూపించడానికి 2020లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ప్రొడక్టివిటీ స్కోర్‌లో ఒక్కో ఉద్యోగి పేరుతో సహా వివరాలు కనిపించేవి. దానిమీద గొడవ జరిగితే అదే ఏడాది డిసెంబర్ 1న పేర్లు తీసేస్తున్నామని ప్రకటించారు. విడిగా ట్రాకర్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే మాత్రం కథ వేరు, అప్పుడు స్క్రీన్ మీదున్నదంతా కనపడొచ్చు. కంపెనీ లాప్‌టాప్‌లో ఏముందో ఊహించుకుంటూ కూర్చునే బదులు, జాయినింగ్ రోజు మనం చదవకుండా సంతకం పెట్టిన పాలసీ కాగితం ఒకసారి తీసి చదవడం, ఇంకా సందేహం ఉంటే ఐటీ హెల్ప్‌డెస్క్‌కి మెయిల్ పెట్టి అడగడం మంచిది. నేను అడిగాను. మా దగ్గర ట్రాకర్ లేదని తేలింది. రెండు వారాలు అనవసరంగా హడలిపోయాను.

ఇప్పుడు అసలు విషయం. మా మేనేజర్ నన్ను అనుమానించింది చుక్క చూసి మాత్రమే కాదు. ఆ రోజు 2:30కి, అంటే లండన్‌లో ఉదయం పదింటికి, ఆయనకి క్లయింట్‌తో కాల్ ఉంది. రాత్రి జాబ్ ఎందుకు ఫెయిలైందని వాళ్లు అడుగుతారని ఆయనకి తెలుసు, జవాబు నా దగ్గరుందని తెలుసు. పది నిమిషాల ముందు నాకు కాల్ చేశారు, నేను ఎత్తలేదు. కాల్‌లో ఆరుగురి ముందు "కనుక్కుని చెప్తాం" అనాల్సి వచ్చింది. ఆ ప్రశ్నార్థకం గుర్తు కాల్‌లో రెండో నిమిషంలో, టేబుల్ కింద ఫోన్‌లోంచి పంపింది. ఇదంతా నాకు రెండు వారాల తర్వాత తెలిసింది. నా దగ్గర రెండు లాప్‌టాప్‌లు ఉంటాయన్న సంగతి ఆయనకి తెలిసింది కూడా అప్పుడే, ఎందుకంటే నా పదకొండు లైన్లు ఆయన పూర్తిగా చదవలేదట.

ఆఫీసులో అయితే ఇది జరగదు. ఆయన నా సీటు దగ్గరికొచ్చేవారు, రెండో స్క్రీన్ మీద లాగ్ చూసేవారు, నేను ఆయన మొహంలో కంగారు చూసేదాన్ని. దూరంగా ఉన్న టీమ్‌లలో సరిగ్గా ఈ సమాచారమే జారిపోతుందని క్యాథరిన్ క్రామ్టన్ అనే పరిశోధకురాలు 2001లో రాశారు. వేరువేరు చోట్ల నుంచి కలిసి పనిచేసిన టీమ్‌ల మెయిళ్లు, చాట్‌లు పరిశీలిస్తే ఆమెకి రెండు విషయాలు కనపడ్డాయి. ఒకటి, అవతలివాళ్ల చుట్టూ ఏం జరుగుతోందో తెలియనప్పుడు జరిగిన తప్పుని మనం పరిస్థితి మీద కాకుండా మనిషి మీద వేస్తాం. "నెట్ పోయిందేమో" అనడానికి బదులు "ఈ మనిషి ఇంతే" అంటాం. రెండోది, మౌనానికి అర్థం ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటారు. జవాబు రాకపోతే ఒకరు ఒప్పుకున్నారనుకుంటారు, ఒకరు కోపమొచ్చిందనుకుంటారు, ఇంకొకరు మెసేజ్ చేరలేదనుకుంటారు. నా అరగంట మౌనం ఆయనకి "భోంచేసి పడుకుంది"లా వినిపించింది, ఆయన ఒంటరి ప్రశ్నార్థకం నాకు "నిన్ను గమనిస్తున్నాను"లా వినిపించింది. నిజం ఆ రెండూ కాదు.

రాతలో గొంతు వినపడదు కదా. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు చేసిన ప్రయోగం ఒకటుంది. మెయిల్‌లో తాము సీరియస్‌గా అన్నామా వెటకారంగా అన్నామా అన్నది అవతలివాళ్లు 78 శాతం సార్లు సరిగ్గా పట్టుకుంటారని రాసినవాళ్లు అనుకున్నారు. నిజంగా పట్టుకున్నది 56 శాతం. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా యాభై వస్తుంది. అవే మాటలు గొంతుతో చెబితే మాత్రం 73 శాతం అర్థమయ్యాయి. ఈ తేడా చూశాకే, మనసులో ముల్లులా గుచ్చుకున్న ఏ విషయాన్నీ చాట్‌లో తేల్చుకోకూడదని నిర్ణయించుకున్నాను.

ఇది నా ఒక్కదాని గొడవా కాదు, ఆయన ఒక్కరి బుద్ధీ కాదు. మైక్రోసాఫ్ట్ 2022లో 11 దేశాల్లో 20 వేలమందిని అడిగితే, ఉద్యోగుల్లో 87 శాతం తాము బాగానే పని చేస్తున్నామన్నారు. పైవాళ్లలో 85 శాతం మాత్రం, కొంత ఆఫీసు, కొంత ఇల్లు అనే హైబ్రిడ్ పద్ధతి వచ్చాక మనుషులు పనిచేస్తున్నారన్న నమ్మకం కలగడం కష్టమైందన్నారు. రెండు పక్షాలవాళ్లూ తమకి కనిపించింది చెప్పారు. ఒకరికి తమ పని కనిపిస్తోంది, ఇంకొకరికి చుక్క కనిపిస్తోంది.

గంటకోసారి స్టేటస్ అన్నారు కదా, ఆ రెండు వారాలూ పెట్టాను. పదకొండింటికి "లాగ్స్ చూస్తున్నాను", పన్నెండింటికి "లాగ్స్ చూస్తున్నాను, ఇంకా దొరకలేదు", ఒంటిగంటకి మళ్లీ అదే. నిజమే రాశాను, కానీ అది చదివేవాళ్లకి సాకులా కనిపిస్తుంది. గంటకోసారి పని ఆపి రాయడం వల్ల నా ఆలోచన తెగిపోయేది, దాంతో పని నిజంగానే నెమ్మదించింది. అది చూసి ఆయన అనుమానం ఇంకాస్త గట్టిపడింది. నిఘా పెట్టినప్పుడల్లా జరిగేది ఇదే.

మౌస్ దానంతటదే కదిలే పరికరం కొనమని ఒక ఫ్రెండ్ సలహా ఇచ్చాడు. నిజం చెప్పాలంటే కొనబోయాను. కానీ అది పట్టుబడితే మన మాట ఇంకెవరూ వినరు. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు కదులుతున్నట్టు నటించారన్న కారణంతో పన్నెండుమందికి పైగా ఉద్యోగుల్ని తీసేసిందని వార్తలొచ్చాయి. పట్టుబడకపోయినా ఇంకో నష్టముంది. చుక్క పచ్చగా ఉండి జవాబు రాకపోతే, లేరేమో అనుకోవడానికి కూడా అవకాశం పోతుంది, చూసి కూడా పలకట్లేదనే అనుకుంటారు.

నమ్మకం మీద మేయర్, డేవిస్, షూర్మన్ అనే ముగ్గురు 1995లో రాసిన పేపర్‌లో, మనం ఒకరిని నమ్మడం మూడు ప్రశ్నల మీద ఆధారపడుతుందంటారు. ఈ మనిషికి పని వచ్చా, నా మేలు కోరతారా, చెప్పినమాట మీద నిలబడతారా. విరిగిన నమ్మకాన్ని అతికించే ముందు ఈ మూడింటిలో ఏది విరిగిందో కనుక్కోవాలి, లేకపోతే తప్పుచోట కట్టు కడతాం. నేను చేసింది అదే. నాకు పని వచ్చని, కష్టపడతానని రుజువు చేయడానికి తెగ తాపత్రయపడ్డాను, రాత్రి పదకొండింటికి మెయిళ్లు పెట్టాను. ఆయనకి ఆ విషయంలో సందేహమే లేదు. ఆయన సందేహం రెండోది: అవసరమైన నిమిషంలో ఈ అమ్మాయి నాకు అండగా ఉంటుందా, నలుగురిలో నన్ను ఒంటరిగా వదిలేస్తుందా. రాత్రి పదకొండింటి మెయిల్ దానికి జవాబు కాదు.

ఇది నాకు ఎలా తెలిసిందంటే, అడిగాను. పద్నాలుగు నెలల్లో ఆయన్ని ఎదురుగా చూసింది రెండేసార్లు, ఇంకో రెండు నెలల దాకా హైదరాబాద్ వెళ్లే పని లేదు, కాబట్టి ఫోన్‌లోనే. ముందురోజు మెసేజ్ పెట్టాను, "సార్, రేపు ఒక 20 నిమిషాలు కావాలి, కంప్లైంట్ ఏమీ కాదు, మన ఇద్దరి పని పద్ధతి గురించి" అని. ఈ రెండో సగం ముఖ్యం, లేకపోతే అవతలివాళ్లు రాజీనామా అనుకుంటారు. వీడియో పెట్టలేదు. కెమెరా ముందు ఇద్దరం బిగుసుకుపోతామని ఫోన్ చేశాను.

నేను మొదలుపెట్టింది నా బాధతో కాదు. "సార్, ఆ మంగళవారం నేను ఫోన్ ఎత్తకపోతే మీకు అక్కడ ఏం ఇబ్బంది అయింది?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాల్ సంగతంతా చెప్పారు, ఆరుగురి ముందు ఏమీ చెప్పలేక కూర్చున్న సంగతి. "నాకు నువ్వు పనిచేస్తావా లేదా అని కాదమ్మా, వాళ్లు అడిగినప్పుడు నా చేతిలో ఒక ముక్క ఉండాలి" అన్నారు. అప్పుడు నా సంగతి చెప్పాను, రెండు లాప్‌టాప్‌లు, హెడ్‌సెట్, అయిదు నిమిషాల చుక్క. చివర్లో ఇంకోమాట కూడా అన్నాను, అది చెప్పడానికి ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది: "ఒట్టి ప్రశ్నార్థకం వస్తే నాకు చాలా టెన్షన్ వస్తుంది సార్, 'అర్జెంట్' అని ఒక్కమాట రాయండి, ఎక్కడున్నా చూస్తాను." ఆయన ఆశ్చర్యపోయారు. ఆ గుర్తు అలా తగులుతుందని ఆయనకి తోచనే లేదు.

ఆ ఫోన్‌లో మేం మార్చుకున్నవి మూడే. గంట స్టేటస్ వెంటనే తీసేయమని అడగలేదు, "రెండు వారాలు ఇంకోలా చేసి చూద్దాం, మీకు సరిపోకపోతే మళ్లీ ఇదే పెడదాం" అన్నాను. గడువు, వెనక్కి వెళ్లే దారి రెండూ ఉన్నాయి కాబట్టి ఆయన సులభంగా ఒప్పుకున్నారు. అర్జెంట్ అయితే టీమ్స్ కాదు, మామూలు ఫోన్, పది నిమిషాల్లో నేను పలకాలి. మూడోది, క్లయింట్ కాల్‌కి అరగంట ముందు, అంటే రెండింటికల్లా, ఆయనకి నా నుంచి నాలుగు లైన్లు చేరాలి. ఇది ఆయన రోజుని బట్టి పెట్టిన టైమ్, నా రోజుని బట్టి కాదు. మొదటిరోజు పంపింది ఇలా ఉంది:

"రాత్రి జాబ్ ఫెయిల్: పార్ట్‌నర్ బ్యాంకు ఫైల్ చివర ఒక లైను ఎక్కువ వచ్చింది, రికార్డుల లెక్క తప్పింది. ఇవాళ చేత్తో సరిచేసి రన్ చేశాను, 1:40కి పూర్తయింది. మళ్లీ రాకుండా చెక్ చేసే కోడ్ రాస్తున్నాను, గురువారం సాయంత్రానికి ఇస్తాను. క్లయింట్ అడిగితే: డేటా ఏదీ పోలేదు."

చివరి లైను చూడండి. మొదటి మూడూ నా పని గురించి, నాలుగోది ఆయన నోటికి అందించే మాట. "లాగ్స్ చూస్తున్నాను"కీ దీనికీ తేడా అదే. మొదటిది నేను ఖాళీగా లేనని చెబుతుంది, రెండోది ఆయనకి పనికొస్తుంది.

గురువారం అన్నాను కదా, బుధవారం పన్నెండింటికి అది కుదరదని తెలిసిపోయింది. ఇంకో రెండు ఫైళ్లలో కూడా అదే తేడా ఉంది. మామూలుగా అయితే గురువారం సాయంత్రం దాకా కిందామీదా పడి అప్పుడు చెప్పేదాన్ని. ఈసారి బుధవారమే ఫోన్ చేశాను, "గురువారం అవ్వదు సార్, ఇంకో రెండు ఫైళ్లు దొరికాయి, సోమవారం మధ్యాహ్నానికి ఇస్తాను, ఈలోపు రోజూ చేత్తో నేనే రన్ చేస్తాను" అని. నా అనుభవంలో నమ్మకం ఎక్కువ పెరిగింది ఈ ఒక్క ఫోన్‌తోనే, అన్నీ టైమ్‌కి ఇచ్చిన రోజులన్నీ కలిపినా అంత పెరగలేదు. ఎందుకంటే ఆ తర్వాత నేను మౌనంగా ఉంటే, చెడు కబురు ఉంటే ఈపాటికి చెప్పేదని ఆయనకి అర్థం. అదే మౌనం, అర్థం మారింది. ఇచ్చిన కొత్త తేదీ మాత్రం తప్పకూడదు, రెండోసారి కూడా జరిపితే ముందుగా చెప్పడం కూడా ఒక అలవాటైన సాకు అయిపోతుంది.

అన్నిచోట్లా ఇది పనిచేస్తుందని నేను అనను. అడిగిన పద్ధతి వారాల తరబడి నడిపాక కూడా నిఘా తగ్గకుండా పెరుగుతుంటే, స్టేటస్ ఒక్క మీకే అడిగి టీమ్‌లో ఇంకెవర్నీ అడగకపోతే, ఫోన్‌లో బాగానే మాట్లాడి తర్వాత హెచ్‌ఆర్‌ని కాపీలో పెట్టి మీ ఆలస్యాల గురించి మాత్రమే మెయిళ్లు వస్తుంటే, అది అపార్థం కాదు, మీ మీద కాగితాలు పోగేస్తున్నారు. అప్పుడు మీరూ రాతలోకి మారాలి. ప్రతి ఫోన్ తర్వాత "ఇవాళ మాట్లాడుకున్నది ఇది" అని రెండు లైన్ల మెయిల్, ఇచ్చిన పనులు తేదీలతో. "నా అనుమతి లేకుండా చూస్తున్నారు" అన్న వాదన మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 7వ సెక్షన్‌లో, ఉద్యోగానికి సంబంధించిన అవసరాలకి, కంపెనీని నష్టం నుంచి కాపాడుకోవడానికి ప్రత్యేకంగా సమ్మతి తీసుకోకుండానే డేటా వాడుకోవచ్చన్న వెసులుబాటు యజమానికి ఇచ్చారు. సొంత ఫోన్‌లో, సొంత లాప్‌టాప్‌లో ట్రాకర్ పెట్టమంటే మాత్రం ఆఫీసు మెషీన్ ఇమ్మని గట్టిగా అడగండి.

నమ్మకం తిరిగొస్తోందో లేదో చుక్క చూసి తెలియదు, అవతలివాళ్లు అడిగే ప్రశ్న చూసి తెలుస్తుంది. మొదట్లో నాకు వచ్చేవి "ఉన్నావా?", "ఎక్కడున్నావ్?" అని. మూడో వారానికి "ఆ రెండో ఫైల్ సంగతి ఏమైంది?" అని రావడం మొదలైంది, అంటే నన్ను వదిలేసి పని గురించి అడుగుతున్నారు. ఆరో వారంలో ఓ మధ్యాహ్నం నేను మూడు గంటలు పసుపులో ఉన్నాను, ఒక్క మెసేజ్ కూడా రాలేదు. సాయంత్రం ఫోన్ చేసి, "క్లయింట్ వచ్చేవారం నుంచి కొత్త ఫైల్ ఫార్మాట్ పంపుతారట, నువ్వు కాల్‌లోకి వస్తావా, వాళ్లతో నువ్వే మాట్లాడు" అన్నారు.